మనాలి ప్యాకేజీ: పోస్టర్ మీద ఉన్నదెంత, జేబులోంచి పోయేదెంత

ఏప్రిల్ వచ్చిందంటే ట్రావెల్స్ ఆఫీసుల గోడల మీద, వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం పోస్టరు తిరుగుతుంది. వెనకాల మంచుకొండ, ముందు రంగురంగుల కోట్లు వేసుకుని నవ్వుతున్న కుటుంబం, పైన పెద్ద అక్షరాల్లో 'కులు-మనాలి, 5 రాత్రులు 6 పగళ్ళు, తలకి రూ. 14,999 మాత్రమే'. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లే అసలు ప్యాకేజీ. వాటిలో ఏముందో తెలియకుండా పైనున్న అంకె చవకో ఖరీదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడ వేసే లెక్కలకు మనాలి పోస్టరునే తీసుకుంటున్నాను. వేసవి సెలవుల్లో మన కుటుంబాలకు ట్రావెల్స్‌వాళ్ళు ఎక్కువగా చూపించే ప్యాకేజీల్లో ఇదొకటి. పైగా ప్యాకేజీల్లో ఉండే మెలికలన్నీ దాదాపు ఇందులోనే దొరుకుతాయి.

ముందు రాత్రుల సంగతి చూద్దాం. ఈ ప్యాకేజీ మొదలయ్యేది హైదరాబాదులో కాదు, ఢిల్లీలో. 'ఎక్స్-ఢిల్లీ' అని ఒక మూల రాసి ఉంటుంది. మొదటిరోజు సాయంత్రం ఢిల్లీలో వోల్వో బస్సు ఎక్కాలి. మనాలి దాదాపు 530 కిలోమీటర్లు, పన్నెండు నుంచి పద్నాలుగు గంటల ప్రయాణం. అంటే మొదటి రాత్రి బస్సులోనే. అయిదోరోజు సాయంత్రం మళ్ళీ అదే బస్సు, అయిదో రాత్రీ బస్సులోనే. అయిదు రాత్రుల్లో హోటలు మంచం మీద పడుకునేవి మూడే. ఆరో పగలంటే పొద్దున్నే ఢిల్లీలో బస్సు దిగడం, అంతే.

రెండోరోజు ఉదయం ఎనిమిదికో తొమ్మిదికో మనాలిలో దిగుతారు. హోటలు గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకో ఒంటిగంటకో. ఒళ్ళు హూనమై, పిల్లలు నిద్రమొహాలతో, సామానుతో లాబీలో కూర్చోవాలి. అయిదోరోజు ఇదే కథ తిరగబడుతుంది. పదింటికల్లా గది ఖాళీ చెయ్యమంటారు, బస్సేమో సాయంత్రానికి. మధ్యలో ఆ ఆరేడు గంటలు ఎక్కడుంటారో ఐటినరరీలో ఉండదు. 'అల్పాహారం తర్వాత చెక్ అవుట్, సాయంత్రం బస్సు' అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఇవన్నీ తీసేస్తే మనాలిని నిజంగా చూసేది రెండో రోజు మధ్యాహ్నం, ఆ తర్వాత రెండు నిండు రోజులు. ఆ కాస్త సమయంలోనూ చూడదగ్గవి బోలెడున్నాయి. అయితే వెళ్ళేవాళ్ళకి ఈ సంగతి డబ్బు కట్టకముందే తెలియాలి.

అన్నిటికన్నా ఎక్కువ గొడవలు వచ్చేది రోహ్‌తంగ్ దగ్గర. పోస్టరు మీది మంచు ఫొటో సాధారణంగా అక్కడిదే. మనాలికి 51 కిలోమీటర్ల దూరంలో, 3,978 మీటర్ల ఎత్తులో ఉన్న కనుమ అది. అక్కడికి వెళ్ళే పర్యాటకుల వాహనాలకి జాతీయ హరిత ట్రిబ్యునల్ పరిమితి పెట్టింది: రోజుకి పన్నెండు వందలు, అందులో పెట్రోలువి ఎనిమిది వందలు, డీజిలువి నాలుగు వందలు. ముందుగా ఆన్‌లైన్లో పర్మిట్ తీసుకోవాలి. ఆ పర్మిట్ ఫలానా తేదీకి, ఫలానా బండికి మాత్రమే చెల్లుతుంది. మంగళవారం రోడ్డు పనుల కోసం పర్యాటకులని పైకి వదలరు. మే, జూన్ నెలల్లో ఉత్తరాదివాళ్ళకీ సెలవులే కాబట్టి పర్మిట్లు చూస్తూండగానే అయిపోతాయి.

మన సెలవుల లెక్కతో చూస్తే ఇంకో చిక్కు ఉంది. తెలుగు రాష్ట్రాల్లో బడులు ఏప్రిల్ ఆఖరి వారంలో మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. రోహ్‌తంగ్ రోడ్డు మీద మంచు తొలగించి పర్యాటకులని వదిలేది ఆ ఏడాది మంచు ఎంత పడిందన్నదాన్ని బట్టి, మామూలుగా మే నెలలో. అందుకని ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో బయల్దేరే బృందానికి 'రోహ్‌తంగ్ చూపిస్తాం' అని ఎవరూ మాటివ్వలేరు. ఇచ్చారంటే తెలియకైనా ఇచ్చి ఉండాలి, తెలిసి అబద్ధమైనా ఆడి ఉండాలి.

ఆఫీసులో కూర్చుని 'రోహ్‌తంగ్ ఉందా అండీ?' అని అడిగితే వచ్చే జవాబుని జాగ్రత్తగా వినండి. 'ఉంటుంది సార్, అక్కడ మావాళ్ళు చూసుకుంటారు' అంటే దాదాపుగా ప్యాకేజీలో లేదనే అర్థం. ప్యాకేజీ బండి సోలాంగ్ లోయ దాకానో, అటల్ సొరంగం దాకానో వస్తుంది. అక్కణ్ణుంచి రోహ్‌తంగ్ వెళ్ళాలంటే పర్మిట్ ఉన్న స్థానిక ట్యాక్సీని సొంత డబ్బుతో మాట్లాడుకోవాలి. కాగితం మీద 'రోహ్‌తంగ్ సందర్శన (సొంత ఖర్చుతో)' అని బ్రాకెట్లో ఉంటుంది. చాలామంది బ్రాకెట్టు ముందున్న మాట చదివి ఆగిపోతారు.

రోహ్‌తంగ్ కుదరకపోయినా యాత్ర పాడైనట్టు కాదు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం 9.02 కిలోమీటర్లు, దానికి ఈ పర్మిట్ అక్కర్లేదు. ఇటు దేవదారు చెట్ల పచ్చదనం, పది పన్నెండు నిమిషాల్లో అటు బయటికొస్తే చెట్టుచేమ తక్కువైన లాహౌల్ లోయ, ఎదురుగా చంద్రానది. ఒకే రోజులో రెండు వేరువేరు లోకాలు చూసినట్టుంటుంది. కొంచెం ముందుకెళ్తే సిస్సూ గ్రామం, దాని ఎదుటి కొండ మీంచి దూకే జలపాతం. మే మొదట్లో ఆ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట పిల్లలు ఆడుకునేంత మంచు దొరికే అవకాశం ఉంది. జూన్‌లో వెళ్తే సోలాంగ్‌లో కనిపించేది పచ్చగడ్డే. సోలాంగ్‌లో మంచు ఆటలని జూన్ పోస్టరు మీద వేసేవాళ్ళ దగ్గర మిగతా మాటలూ నమ్మలేం.

ఇప్పుడు డబ్బు లెక్క. నలుగురు కుటుంబం అనుకుందాం: భార్యాభర్తలు, పదమూడేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ అబ్బాయి. పోస్టరు చూసి వేసుకునే లెక్క నాలుగు పదిహేనులు అరవై వేలు. కింది అంకెలు లెక్క ఎలా వెయ్యాలో చూపడానికి నేను అనుకున్నవి, సీజన్‌ని బట్టి, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి.

పద్నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అన్నది ట్విన్ షేరింగ్ ధర, గదికి ఇద్దరు చొప్పున. భార్యాభర్తలకి 29,998. పన్నెండేళ్ళు దాటితే చాలాచోట్ల పెద్దవాళ్ళ కిందే లెక్క. అమ్మాయికి అదే గదిలో అదనపు పరుపు వేస్తే 11,999 అనుకుందాం. అబ్బాయికి విడిగా పరుపు లేకుండా 8,500. బస్సులో సీటు మాత్రం వాడికీ కావాల్సిందే. మొత్తం 50,497. దీని మీద టూర్ ప్యాకేజీలకి ఉండే 5 శాతం జీఎస్టీ కలిపితే 53,022 అవుతుంది. పోస్టరు లెక్క కన్నా తక్కువే, సంతోషం.

ప్యాకేజీ ఢిల్లీలో మొదలవుతుంది కాబట్టి హైదరాబాదు నుంచి రానూపోనూ రైల్లో థర్డ్ ఏసీకి తలకి 4,200 చొప్పున వేసినా 16,800. విమానమైతే వేసవిలో ఇంతకి ఎంతో ఎక్కువ. రైలు దిగిన తర్వాత సాయంత్రం బస్సుదాకా స్నానాలకి, నడుం వాల్చడానికి ఢిల్లీలో ఒక ఫ్రెషప్ గది 1,500. ప్యాకేజీలో అల్పాహారం, రాత్రి భోజనం ఉంటాయి, మధ్యాహ్న భోజనం మనదే. బస్సు దాబా దగ్గర ఆగినప్పుడు తినే రెండు రాత్రుల తిండీ మనదే. అన్నీ కలిపి 7,200. రోహ్‌తంగ్ ట్యాక్సీ 7,000. మంచు కోట్లు, బూట్లు అద్దెకి తలకి 400 వేసినా 1,600. సోలాంగ్‌లో రోప్‌వే, పిల్లలు మారాం చేసే నాలుగు చక్రాల బండి, ఇంకేదో ఒకటి కలిపి 6,000. డ్రైవరుకీ హోటల్లో కుర్రాళ్ళకీ ఇచ్చేది 1,000.

మొత్తం కూడితే 94,122. అరవై వేలనుకుని బయల్దేరిన ఇంటాయన మూడోరోజుకల్లా ఎందుకు చిరాకు పడతాడో, పిల్లాడు రోప్‌వే ఎక్కుతానంటే ఎందుకు కసురుతాడో ఈ అంకె చూస్తే తెలుస్తుంది. ఇందులో ఏదీ మోసపు ఖర్చు కాదు. ప్రతిదీ ముందే తెలిసిన ఖర్చే. ఏటా ఇవే బృందాలని పంపే ఏజెన్సీకి ఈ లెక్క కంఠతా వచ్చు. దాన్ని కాగితం మీద పెట్టకపోవడమే తప్పు. ముందే 94 వేలని తెలిస్తే ఆ కుటుంబం ఒక రోజు తగ్గించుకునేదో, రోహ్‌తంగ్ మానేసేదో, డబ్బు కూడబెట్టుకుని వచ్చే ఏడాది వెళ్ళేదో. ఏజెన్సీ చేతిలోంచి జారిపోయేది ఆ నిర్ణయమే కాబట్టే అక్షరాలు అంత చిన్నగా ఉంటాయి.

హోటలు విషయంలో చూడాల్సింది నక్షత్రాలు కాదు, పేరూ చోటూ. 'ఫలానా హోటల్ లేదా అదే స్థాయిది' అన్న వాక్యంలో 'లేదా' తర్వాతదే మీకు దొరికేది అనుకుని అడగండి. మనాలిలో మాల్ రోడ్డుకి నడిచి వెళ్ళేంత దగ్గరున్న హోటళ్ళు ఖరీదు. చవక ప్యాకేజీల్లో ఇచ్చేవి ఎక్కువగా అలేవో, ప్రీణి, రంగ్‌రీ, కన్యాల్ వైపు ఉంటాయి. గదులు బాగానే ఉండవచ్చు, కిటికీలోంచి కొండలు ఇంకా అందంగా కనిపించవచ్చు. కానీ సాయంత్రం మాల్ రోడ్డుకి వెళ్ళి రావాలంటే ప్రతిసారీ ఆటోయో ట్యాక్సీయో కావాలి. ఎందుకంటే ప్యాకేజీ బండి ఐటినరరీలో రాసిన చోట్లకే వస్తుంది, రోజంతా మన దగ్గర ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే లిఫ్టు ఉందా, రోడ్డు మీంచి గదిదాకా ఎన్ని మెట్లు ఎక్కాలి అన్నది కూడా అడగాలి. కొండ వాలున కట్టిన హోటళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

తిండి దగ్గర ఏజెన్సీలు వాడే పొట్టి అక్షరాలు మూడు రకాలు. సీపీ అంటే గదీ అల్పాహారమూ. ఎమ్ఏపీ అంటే వాటికి తోడు ఒక పూట భోజనం, మామూలుగా రాత్రిది. ఏపీ అంటే మూడు పూటలూ. మన ఉదాహరణలోది ఎమ్ఏపీ. రోహ్‌తంగ్ దారిలో ట్రాఫిక్‌లో చిక్కుకుని రాత్రి పదిన్నరకి వస్తే భోజనం కట్టేసి ఉంటుంది, ఆ పూటకి డబ్బు వెనక్కి ఇవ్వరు. మన రైలు యాత్రల ఏజెన్సీలు కొన్ని వంటవాళ్ళని వెంట తీసుకెళ్తాయి. పెరుగన్నం లేకపోతే నిద్రపట్టని పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆ ఒక్క ఏర్పాటు కోసం రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదని నా అభిప్రాయం.

నిజాయితీగా ప్యాకేజీ అమ్మడం కుదరదని, అన్నీ చెప్తే ఎవరూ రారని కొందరు ఏజెంట్లు అంటారు. నేను ఒప్పుకోను. ఇదే మనాలిని ఉన్నదున్నట్టు రాస్తే కరపత్రం ఇలా ఉంటుంది:

'ఢిల్లీ నుంచి ఢిల్లీకి. మూడు రాత్రులు హోటల్లో, రెండు రాత్రులు వోల్వో బస్సులో. హైదరాబాదు–ఢిల్లీ ప్రయాణం ఇందులో లేదు.

రెండోరోజు ఉదయం మనాలి చేరతారు. గది మధ్యాహ్నం ఒంటిగంటకి. అంతవరకు స్నానానికి, సామాను పెట్టుకోవడానికి ఒక ఉమ్మడి గది ఇస్తాం. సాయంత్రం దేవదారు తోపులో 1553లో కట్టిన హిడింబ గుడి, వశిష్ఠ్ వేడినీటి బుగ్గలు.

మూడోరోజు ఉదయం ఆరింటికే బయల్దేరాలి, ఆలస్యమైతే రోడ్డు మీద గంటలు గంటలు ఆగాల్సి వస్తుంది. సోలాంగ్, అటల్ సొరంగం, సిస్సూ. ఈ తేదీల్లో సోలాంగ్‌లో మంచు ఉండదు. ఆటల టిక్కెట్లు మీవే.

నాలుగోరోజు రెండిట్లో ఒకటి. రోహ్‌తంగ్ రోడ్డు తెరిచి, పర్మిట్ దొరికితే అక్కడికి, ట్యాక్సీ ఖర్చు అదనం. మంగళవారం వెళ్ళడం కుదరదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు ముందు డాక్టరుని అడగండి. లేదంటే మణికరణ్, దీనికి అదనపు ఖర్చు లేదు, కానీ రానూపోనూ రోజంతా ప్రయాణమే.

అయిదోరోజు పదింటికి గది ఖాళీ. సామాను బండిలోనే పెట్టుకుని నగ్గర్ కోట, రోరిక్ చిత్రశాల చూపించి సాయంత్రం బస్సు దగ్గర దింపుతాం.

భోజనం: మూడు అల్పాహారాలు, మూడు రాత్రి భోజనాలు. మిగతావి మీవి. నలుగురు కుటుంబానికి ప్యాకేజీ కాక సుమారు నలభై వేలు చేతిలో ఉంచుకోండి.'

ఇది చదివిన వాడికి మనాలి మీద మోజు తగ్గదు, నమ్మకం పెరుగుతుంది. ఊరికే పోయే అయిదోరోజు కాస్తా ఇందులో మంచి రోజైంది చూడండి. నగ్గర్ ఒకప్పుడు కులు రాజుల రాజధాని. రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ ఆ ఊళ్ళో స్థిరపడి 1947లో అక్కడే కన్నుమూశాడు. ఆయన కొడుకు స్వెతొస్లావ్ కూడా చిత్రకారుడే, అతని భార్య తొలితరం సినీతార దేవికారాణి. ఆమె పుట్టింది మన వాల్తేరులో. ఈ ముక్క ఐటినరరీలో రాస్తే తెలుగువాళ్ళు ఆ ఇంటిముందు ఇంకో అరగంట నిలబడరూ!

ఇంక రద్దు షరతులు. ప్రయాణానికి ఎన్నిరోజుల ముందు మానుకుంటే ఎంత పోతుందన్నది శాతాల్లో రాసి ఉండాలి. అంతకన్నా ముఖ్యం, కొండచరియ విరిగి రోడ్డు మూతపడితే అదనపు రాత్రి ఖర్చు ఎవరిదన్న ప్రశ్న. చాలా కాగితాల్లో అది ప్రయాణికుడిదే. వేసవిలో ఈ ప్రమాదం తక్కువ, కానీ వాన మొదలయ్యాక సంగతి వేరు. 2023 జులైలో బియాస్ నది పొంగి కులు–మనాలి రహదారి ముక్కలైనప్పుడు పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. జూన్ నెలాఖరుకి 'ఆఫ్ సీజన్ ఆఫర్' అని సగం ధరకి వచ్చే ప్యాకేజీ ఎందుకు సగం ధరకి వస్తుందో ఆలోచించుకోవాలి.

చెప్పింది ఒకటి, చూపించింది ఒకటి అయితే అడిగే దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనా తప్పే, సేవలో లోపమూ తప్పే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యవచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఏజెన్సీ ఢిల్లీదైనా, మీరుండే జిల్లాలోనే వెయ్యవచ్చు, మనాలి ప్యాకేజీ అంత మొత్తానికి ఫీజు కూడా ఉండదు. కానీ ఫోన్లో ఇచ్చిన హామీ అక్కడ నిలవదు. అందుకే పోస్టరుని ఫోన్లో దాచుకోండి. ఏజెంటు ఫోన్లో చెప్పినదాన్ని మీరే వాట్సాప్‌లో రాసి పంపండి: 'రోహ్‌తంగ్ ట్యాక్సీ ప్యాకేజీలో ఉందన్నారు, సరేనా?' అని. ఉంటే 'అవును' అని జవాబిస్తాడు. లేకపోతే వెంటనే ఫోన్ చేసి నసుగుతాడు. రెండిట్లో ఏదైనా మీకు పనికొచ్చే జవాబే.

మొత్తం డబ్బు ఒకేసారి కట్టకండి. అడ్వాన్సు ఇచ్చాక హోటలు వోచరు, అంటే గది పేరు, తేదీలు, భోజనం రకం, బుకింగ్ నంబరు ఉన్న కాగితం చేతికి రావాలి. అది వచ్చాక ఏజెంటు ఇచ్చిన ఫోన్ నంబరుకి కాకుండా, హోటలు నంబరు మీరే విడిగా వెతికి పట్టుకుని ఫోన్ చెయ్యండి. మీ పేరు చెప్పి, ఆ తేదీల్లో గది ఉందా, రాత్రి భోజనం అందులో ఉందా, ఉదయం తొమ్మిదింటికి వస్తే సామాను ఎక్కడ పెట్టుకోవాలి అని అడగండి. అయిదు నిమిషాల పని. మిగతా సొమ్ము ఆ ఫోన్ అయ్యాకే పంపండి.